తాతయ్య చూపించిన అర దెబ్బ ఖాళీ

"ఎంతమంది ఉన్నార్రా అందులో?" అని అడిగాడు తాతయ్య.

నేను ఆ గదిలోకి వెళ్ళింది ఛార్జర్ కోసం. ఆయన ఎప్పటిలాగే పడక కుర్చీలో కళ్ళు మూసుకుని పాత కచేరీ ఏదో పెట్టుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. తలుపు దగ్గరే ఆగి కాసేపు విని, "ఇద్దరు. ఒకాయన పాడుతున్నాడు, ఒకాయన మద్దెల కొడుతున్నాడు" అన్నాను.

"మద్దెల కాదు, మృదంగం. ఇంకా?"

"ఇంకెవరూ లేరు తాతయ్యా."

"ఐదుగురున్నారు" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నన్ను ఆట పట్టిస్తున్నాడనే అనుకున్నాను. పదో తరగతి పరీక్షలు అయిపోయిన సెలవులు అవి. చెయ్యడానికి పనేమీ లేదు. మర్నాడు ఆయనే పిలిచి, "రోజుకి ఇరవై నిమిషాలు కూర్చో. ఐదుగురినీ నీకు విడివిడిగా చూపిస్తాను" అన్నాడు. సంగీతం మీద ఇష్టం కన్నా, ఐదుగురు లేరని నిరూపించాలన్న పంతంతో కూర్చున్నాను.

తాతయ్య విద్వాంసుడేమీ కాదు. చిన్నప్పుడు రెండేళ్ళు మృదంగం నేర్చుకుని మానేశాడు. ఆ తర్వాత జీవితమంతా వినడమే. మేము విన్నది ఒకే ఒక్క రికార్డింగు. కల్యాణి రాగంలో ఒక కీర్తన, ఆది తాళం, మొత్తం పదకొండు నిమిషాలు. ఎప్పుడో రేడియోలో వస్తుంటే క్యాసెట్టులో పట్టుకున్నది, తర్వాత మా మామయ్య దాన్ని పెన్ డ్రైవులోకి ఎక్కించాడు. అది మోనో రికార్డింగు. అంటే రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే. ఈ వాద్యం ఎడమ పక్కనుంచి, ఆ వాద్యం కుడి పక్కనుంచి అని పోల్చుకునే సదుపాయం లేదు. అందరూ ఒకే చోటునుంచి, ఒకే కన్నంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా చెడ్డ రికార్డింగు దొరకదనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ ఆయనకి అదే ఇష్టం.

మొదటి రోజు కళ్ళు గట్టిగా మూసుకుని, నొసలు ముడిచి, చాలా కష్టపడి విన్నాను. ఏమీ విడలేదు. వింటున్నకొద్దీ ఇంకా ముద్దయిపోయింది. తాతయ్య పాట ఆపేశాడు.

"వెతక్కురా. తిరనాళ్ళలో మనిషిని వెతికితే దొరుకుతాడా? వాడు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే పట్టుకుని వెనకాలే నడవాలి."

ఎవరు ఎప్పుడు బయల్దేరతారో తెలియాలంటే ముందు తాళం వెయ్యడం రావాలన్నాడు. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. తర్వాత దెబ్బ, చెయ్యి తిప్పడం, మళ్ళీ దెబ్బ, తిప్పడం. ఆ కీర్తన నడకలో ఒక్కో లెక్కకి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. నాలుగు రోజులు నేను ఇంకేమీ వినలేదు, చేత్తో తాళం వేస్తూ కూర్చున్నానంతే. అప్పుడు ఆయన ఒక సంగతి చూపించాడు. ఆ పల్లవి మొదటి దెబ్బ మీద మొదలవదు. దెబ్బ పడ్డాక అర లెక్క ఆగి గాయకుడు ఎత్తుకుంటాడు. ఏ ఆవర్తనం, అంటే ఎనిమిది లెక్కల చుట్టు, తీసుకున్నా, దెబ్బ పడిన చోటునుంచి మాట మొదలయ్యేదాకా ఒక అర సెకను గొంతు ఉండదు.

"ఆ అర దెబ్బ ఖాళీలో ఎవరున్నారో చూడు" అన్నాడు.

చూశాను. టక్కున ఒక మృదంగం దెబ్బ. దాని పక్కనే వయొలిన్ తోక ఒకటి, ముందు వాక్యాన్ని ముగిస్తూ. వీటన్నిటి వెనకాల ఏదో సన్నటి రొద. అర సెకనులో ముగ్గురు! తర్వాత గొంతు వచ్చి అందర్నీ కప్పేసింది. కానీ ఆవర్తనం తిరిగి రాగానే మళ్ళీ అదే కిటికీ తెరుచుకుంది. ఆ సాయంత్రం ఆ కిటికీ దగ్గరే ముప్ఫై నలభై సార్లు నిలబడి ఉంటాను.

మొదటి వారం మృదంగానికి. దెబ్బ మొదలు పదునుగా ఉంటుంది కనక చెవికి త్వరగా చిక్కుతుంది. కానీ తాతయ్య దాన్ని కూడా రెండు ముక్కలు చేశాడు. కుడి వైపు ఒకరు, ఎడమ వైపు ఒకరు అనుకో అన్నాడు. కుడి మూత మధ్యలో నల్లటి కరణి ఉంటుంది. గాయకుడి షడ్జమానికి, అంటే ఆయన 'స'కి, దాన్ని శ్రుతి చేస్తారు. మామూలు డోలుకి ఫలానా స్వరం అని చెప్పడం కష్టం. ఈ కరణి వల్లే మృదంగానికి వీణ తీగకి ఉన్నట్టు స్వరం తేలుతుంది. దీని మీద 1920లోనే సి.వి. రామన్ 'నేచర్' పత్రికలో రాశాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, గాయకుడు షడ్జమం మీద నిలబడగానే కుడి చేతి మోత ఆ గొంతులో కలిసిపోయి మాయమవుతోందని. ఇద్దరిదీ ఒకే స్వరం మరి. అలాంటి చోట్ల దెబ్బ మొదట్లో వచ్చే "ట" అనే అంచు ఒక్కటే చేతికి చిక్కేది, వెనకాల వచ్చే మోత గొంతు ఖాతాలోకి వెళ్ళిపోయేది.

ఎడమ మూతకి కచేరీ ముందు తడి రవ్వ ముద్ద అంటిస్తారు. అందుకే అది బరువుగా, కింద స్థాయిలో పలుకుతుంది. అరచేతి మడమతో నొక్కి జరిపితే "గుమ్" అని కిందనుంచి పైకి జారే శబ్దం ఒకటి వస్తుంది. దాన్ని గుమ్కీ అంటారట. ఆ గుమ్కీ వినపడ్డప్పుడల్లా నేను వేలెత్తాలి, అదీ పరీక్ష. మూడు రోజులకి బాగానే ఎత్తుతున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక్కణ్ణే సాధన చేద్దామని పాటని ఫోనులోకి ఎక్కించుకుని స్పీకరులో పెట్టాను. ఒక్క గుమ్కీ కూడా లేదు! నేర్చుకున్నదంతా రాత్రికి రాత్రే పోయిందని టెన్షన్ పట్టుకుంది. తాతయ్యకి చెప్తే, ఫోను వంక చూసి నవ్వాడు. అంత చిన్న స్పీకరు కింది స్థాయి శబ్దాలని దాదాపు పలికించలేదు. మృదంగం ఎడమ పక్క ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. ఇయర్ ఫోన్లు పెట్టుకోగానే గుమ్కీలన్నీ తిరిగొచ్చాయి. ఏదైనా వినపడకపోతే ముందు చెవిని కాదు, పెట్టెని అనుమానించాలని అప్పుడే తెలిసింది.

ఘటం దగ్గర మాత్రం నాకు గట్టి దెబ్బ తగిలింది.

"ఘటం అంటే కుండ. చర్మం లేదు. అందుకే మోత సాగదు, పొడిగా కొట్టి ఆగిపోతుంది. మూతి తెరిచి కొడితే మాత్రం లోపలి గాలి బొమ్ మంటుంది" అని చెప్పి, పాట పెట్టి, అనుపల్లవిలో మధ్య మధ్య ఆపుతూ "ఇక్కడ ఘటం ఉందా?" అని అడగడం మొదలుపెట్టాడు. పది సార్లు అడిగాడు. ఆరు సార్లు ఉందన్నాను. నాకు నిజంగానే వినిపించింది, అబద్ధం చెప్పలేదు.

"అనుపల్లవి మొత్తంలో ఆయన కుండ మీద చెయ్యే వెయ్యలేదురా" అన్నాడు తాతయ్య.

ఒళ్ళు మండిపోయింది. లేదని నాకెలా నమ్మకం కుదురుతుంది? ఆయన మళ్ళీ మళ్ళీ పెట్టి చూపించాడు. మృదంగం కుడి మూత అంచు మీద పడే పొడి దెబ్బల్ని నేను ఘటం అనుకుంటున్నాను. ఘటం కావాలని కూర్చున్న చెవికి ఘటమే వినపడుతోంది. అప్పుడు ఆయన చెప్పిన గుర్తు నాకు ఇప్పటికీ పనికొస్తోంది. "నువ్వు ఎదురుచూసిన చోటల్లా వస్తోందంటే దాన్ని అనుమానించు. నిజంగా ఉన్నది నువ్వు అనుకోని చోట కూడా వచ్చి పొడుస్తుంది."

ఊరికే మాటతో వదల్లేదు. ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఘటం వినపడ్డప్పుడల్లా తెర మీద కనిపించే నిమిషం, సెకను రాయమన్నాడు. మర్నాడు ఆ పేజీ చూడకుండా, కొత్త పేజీలో మళ్ళీ రాయాలి. చరణంలో రెండు నిమిషాల ముక్క మీద మొదటి రోజు పద్నాలుగు చోట్ల రాశాను, రెండో రోజు పదకొండు. రెండిటిలోనూ ఉన్నవి ఐదే! మిగతావన్నీ నేను పుట్టించినవి కావచ్చు, నిజంగా ఉన్నా ఒకసారి దొరికి ఒకసారి జారిపోయినవీ కావచ్చు. ఐదింటినీ మాత్రం నమ్మొచ్చు. ఆ ఐదు చోట్లనుంచే మొదలుపెట్టి, ఒక్కోదాని ముందు సెకను, వెనక సెకను వింటూ పోయాను. పది రోజులకి రెండు పేజీలూ దాదాపు ఒకటయ్యాయి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ నోటు పుస్తకమే. పెద్దవాళ్ళు చాలామంది "శ్రద్ధగా విను" అని వదిలేస్తారు. విన్నానా, విన్నాననుకున్నానా అని తేల్చుకునే దారి ఎవరూ చూపించరు.

తంబురా సంగతి వేరు. అది ఎక్కడా మొదలవదు, ఎక్కడా ఆగదు. ఇంట్లో ఫ్యాను చప్పుడు ఎలా పట్టదో అలాగే, చెవి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. నా అర దెబ్బ కిటికీలో వినిపించిన సన్నటి రొద అదే. అయినా గొంతు మొదలవగానే పోయేది. దీనికి తాతయ్య పాటని చివరనుంచి వినిపించాడు. కీర్తన ముగిశాక, చప్పట్లు మొదలయ్యే ముందు, మూడు సెకన్లు తంబురా ఒక్కటే ఉంది. ఆ మూడు సెకన్లు విను. తర్వాత చివరి పది సెకన్లు పెట్టుకుని, ఆ రొద అంతకుముందు కూడా ఉందేమో చూడు. తర్వాత ఇరవై సెకన్లు. ఇలా ముగింపునుంచి వెనక్కి, పాట లోపలికి మోసుకుంటూ వెళ్ళాలి. అర నిమిషం దాకా వెళ్ళేసరికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అక్కడ ఒక తమాషా ఉంది. తంబురాకి నాలుగు తీగలు. ఒకటి పంచమం, రెండు షడ్జమాలు, చివరిది కింది షడ్జమం. తీగకీ బ్రిడ్జికీ మధ్య జీవా అని నూలు దారం పెడతారు. దాంతో తీగ బ్రిడ్జిని సన్నగా రాసుకుంటూ జుమ్మని పలుకుతుంది, దానిలో దాగున్న పై స్వరాలన్నీ బయటికొస్తాయి. నేను ఒకరోజు, "తాతయ్యా, తంబురాలో ఇంకేదో స్వరం కూడా వస్తోంది, సా కాదు, పా కాదు" అన్నాను. ఆయన కుర్చీలో లేచి కూర్చున్నాడు. "పాడు" అన్నాడు. నాకు పాడటం రాదు, ఎలాగో కూనిరాగం తీశాను. "గాంధారం" అన్నాడు. ఆ గాంధారాన్ని ఎవరూ మీటరు. కింది షడ్జమం తీగ మొత్తంగా కదులుతూనే, ఐదు భాగాలుగా కూడా కదులుతుంది. ఆ ఐదో భాగం పలికే స్వరమే అది, అంతర గాంధారం. కల్యాణిలో వచ్చే గాంధారమూ అదే. అందుకే గాయకుడు గాంధారం మీద నిలబడ్డప్పుడల్లా తంబురా అందులో కరిగిపోతుంది. మృదంగం షడ్జమంలో మాయమైనట్టే ఇదీ. రెండు శబ్దాలు ఒకే స్వరంలో ఉంటే చెవి వాటిని ఒకే మనిషికి అంటగడుతుంది.

ఇక వయొలిన్. ఇది ఆఖరున పెట్టడం న్యాయమే. ఎందుకంటే పక్కన వాయించే వయొలిన్ పనే గొంతుని వదలకుండా అంటిపెట్టుకుని ఉండటం. వీణకున్నట్టు మెట్లు లేవు కనక గొంతు ఎలా జారితే అలా జారగలదు, గమకం ఎలా ఊగితే అలా ఊగగలదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడనీ, గొంతుకి అంత దగ్గరగా వెళ్తుంది కనకే అది ఇక్కడ నిలబడిపోయిందనీ తాతయ్య చెప్పాడు. అంత దగ్గరగా వెళ్ళేదాన్ని విడదీయమంటే ఎలా?

మూడు గుర్తులు దొరికాయి నాకు. ఒకటి, హల్లులు. గాయకుడు "క", "త", "ప" అంటాడు. వయొలిన్‌కి అక్షరాలు లేవు. మాట మొదలయ్యే చోట హల్లు గొంతుది, దాని వెంటనే తోడొచ్చే మెత్తటి గీత వయొలిన్‌ది. రెండు, ఆలస్యం. గాయకుడు ఏం పాడబోతున్నాడో వయొలినిస్టుకి పూర్తిగా తెలియదు కనక, కొత్త సంగతి, అంటే అదే వాక్యాన్ని ఇంకోలా మార్చి పాడటం, వచ్చినప్పుడు వెంట్రుకవాసి వెనకాల వస్తాడు. తెలిసిన వాక్యమైతే కలిసే వస్తాడు. అందుకే ఒకే వాక్యం రెండోసారి పాడేటప్పటికన్నా, కొత్త సంగతి పడిన మొదటిసారే వయొలిన్ బాగా విడిపోయి వినపడుతుంది. ఇది నేనే కనిపెట్టాను, తాతయ్య నాకు చెప్పలేదు. మూడోది తోక. గాయకుడు ఊపిరి తీసుకునే చోట వయొలిన్ ఇంకా పలుకుతూనే ఉంటుంది.

ఇవేవీ పనిచెయ్యని చోటు కూడా ఉంది. ఇద్దరూ కలిసి పై షడ్జమం ఎత్తుకుని, "ఆ" అని అలాగే నిలబెడితే, హల్లు లేదు, ఆలస్యం లేదు, తోక లేదు. అక్కడ నేనే కాదు, తాతయ్యా విడదీయలేడు. "అది ఇప్పుడు ఒక్కటే వాద్యం అనుకో" అనేవాడు. ఆల్బర్ట్ బ్రెగ్మన్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త చెవి చేసే ఈ పని మీద 1990లో ఒక పెద్ద పుస్తకమే తెచ్చాడు. ఒకేసారి మొదలై, ఒకేలా మారుతూ పోయే శబ్దాల్ని మనం ఒకే మూలంనుంచి వచ్చినట్టు వింటామన్నది అందులో ముఖ్యమైన సంగతుల్లో ఒకటి. కాలేజీలో అది చదువుతుంటే నాకు తాతయ్య పై షడ్జమమే గుర్తొచ్చింది. అక్కడ కూడా ఒకరి స్వరం కాస్త వణికి, రెండోవారిది వణక్కుండా నిలబడితే, ఆ వణుకు ఉన్నంతసేపూ ఇద్దరూ విడిపోతారు. వణుకు ఆగగానే మళ్ళీ ఒకటైపోతారు.

ఆరో వారం చివర్లో తాతయ్య పరీక్ష పెట్టాడు. పల్లవి మూడో సంగతి, 2:40 దగ్గర, ఒకే ఒక్క ఆవర్తనం. ఎనిమిది సెకన్లలో ఎవరేం చేశారో చెప్పాలి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు విను అన్నాడు. నేను పుస్తకంలో రాసుకున్నది ఇలా ఉంది. మొదటి దెబ్బ మీద మృదంగం కుడి మూత ఒక్క దెబ్బ, వెనకాల తంబురా, ముందు సంగతిని ముగిస్తున్న వయొలిన్ తోక. అర లెక్కకి గొంతు ఎత్తుకుంది. కొత్త సంగతి కనక వయొలిన్ వెనకబడి, రెండో లెక్క దాటాక అందుకుంది. మూడు, నాలుగు లెక్కల్లో గొంతు గాంధారం మీద ఊగుతుంటే మృదంగం కుడి చెయ్యి దాదాపు ఆగి, ఎడమ చెయ్యి రెండు గుమ్కీలు వేసింది. ఇక్కడ తంబురా నాకు వినపడలేదు. ఐదో దెబ్బ మీద ఘటం, ఒకే ఒక్కటి, పొడిగా. ఆరులో అందరూ కలిసి మీదికి వెళ్ళారు, విడదీయలేకపోయాను. ఏడులో గొంతు ఆగింది. ఎనిమిదిలో వయొలిన్ ఒక్కటే ఆ సంగతి చివరి ముక్కని మళ్ళీ అంటుంటే, మృదంగం తర్వాతి దెబ్బకి దారి వేసింది.

తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివి, "వినపడలేదు, విడదీయలేకపోయాను అని రాసిన రెండు చోట్లకీ ఎక్కువ మార్కులు" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు నాకు నరకం. సినిమా పాట పెట్టుకుంటే బేస్ గిటార్ వెనకాలే వెళ్ళిపోయేవాణ్ణి, పాట అయ్యాక పల్లవి ఏమిటో గుర్తుండేది కాదు. నా స్నేహితుడు కొత్త పాట వినిపించి ఎలా ఉందంటే, "రెండో చరణంలో వయొలిన్ల కింద ఫ్లూట్ ఉంది చూశావా" అన్నాను. వాడు నాకు పాటలు వినిపించడం మానేశాడు. తాతయ్యతో చెప్తే, మళ్ళీ ముద్దగా వినడం కూడా నేర్చుకోవాలన్నాడు. దానికి మాత్రం ఆయన దగ్గర పద్ధతేమీ లేదు. తాళం వెయ్యడం మానేసి, పుస్తకం మూసేసి, ఆయన పక్కన ఊరికే కూర్చునేవాణ్ణి. అది ఎప్పుడు తిరిగొచ్చిందో నాకు తెలియదు.

రెండేళ్ళ తర్వాత ఒక సెలవుల్లో అదే రికార్డింగు పెట్టుకున్నాం. చరణంలో ఒకచోట ఆపి, "ఇక్కడ ఘటం ఉందా?" అన్నాడు. పాత పరీక్షే అనుకుని, "ఉంది. నన్ను మోసం చెయ్యలేవు తాతయ్యా" అన్నాను. ఇంకోచోట ఆపి మళ్ళీ అడిగాడు. అక్కడా ఉంది. నాలుగోసారి అడిగినప్పుడు ఆయన ముఖం చూశాను. అది పరీక్ష కాదు. వయసు మీదపడ్డాక చెవికి ముందుగా పోయేది పై అంచుల్లో ఉండే పదునైన శబ్దాలు. ఘటం పొడి దెబ్బల ప్రాణమంతా అక్కడే ఉంటుంది. మృదంగం గుమ్కీలు ఆయనకి బాగానే అందుతున్నాయి. అప్పటినుంచీ కలిసి విన్నప్పుడల్లా ఘటం వచ్చిన చోట నేను వేలెత్తుతాను. ఆయన కళ్ళు మూసుకోకుండా నా చెయ్యి చూస్తూ వింటాడు. ఒక్కోసారి నేను ఎత్తకముందే తలూపుతాడు. ఆ చోట్లు ఆయనకి నాకన్నా ముందునుంచీ తెలుసు కదా.

ఇంకో తగాదా మాత్రం మా మధ్య అలాగే ఉంది. 8:47 దగ్గర, స్వరాలు పాడుతున్నప్పుడు, రెండు లెక్కలపాటు ఒక నిషాదం సాగుతుంది. అది వయొలిన్ ఒక్కటే, గాయకుడు అక్కడ వదిలేశాడు అంటాడు ఆయన. కాదు, అడుగున గొంతు నోరు మూసుకుని హుంకరిస్తోంది అంటాను నేను. ఫోనులో వేగం సగానికి తగ్గించి పెట్టి చూశాను. దానివల్ల ఉపయోగం లేకపోయింది. అలా సాగదీసినప్పుడు శబ్దాల మొదళ్ళు చెదిరిపోయి, పట్టుకోవలసిన అంచే లేకుండా పోతుంది. మోనో కనక ఒక పక్క స్పీకరు కట్టేసినా తేలదు. నోటు పుస్తకంలో 8:47 అని రాసిన పేజీలో ఆయన "వయొలిన్" అని రాశాడు. దాని కింద నేను "గొంతు" అని రాశాను. కింద తేదీలు వేసుకుంటూ వస్తున్నాం. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు మళ్ళీ పెట్టాం. అయ్యాక ఆయన ఏమీ మాట్లాడకుండా పుస్తకం తీసుకుని, తేదీ వేసి, "వయొలిన్" అని రాసి, కలం నా చేతికిచ్చాడు.